గోపురం ముందు కొత్త భవనం: సైటు ఫోటోలో కొలత ప్రకారం నిలబెట్టిన ఒక కేసు

నేపథ్యం

కోస్తా ఆంధ్రలో ఒక మునిసిపల్ పట్టణం. పాత గుడి, దాని రాజగోపురం, గుడి వైపు వెళ్లే 40 అడుగుల వీధి. వీధి మొదట్లో నాలుగు రోడ్ల సెంటరు ఉంది. అక్కడ నిలబడి చూస్తే వీధి చివర కాస్త ఎడమగా గోపురం కనిపిస్తుంది. కింది భాగాన్ని దుకాణాలు కప్పేస్తాయి, 8 మీటర్ల ఎత్తు నుంచి పైకి కలశాల దాకా తేటగా కనబడుతుంది. బస్సు దిగినవాళ్లు గోపురానికి మొదటి దణ్ణం పెట్టుకునేది ఆ సెంటర్లోనే.

ఆ వీధిలో ఎడమ పక్కన ఒక ఖాళీ స్థలం ఉంది. యజమాని అందులో స్టిల్ట్ ప్లస్ నాలుగు అంతస్తుల భవనం కట్టాలనుకున్నారు. ప్లాను ప్రకారం ఎత్తు 15 మీటర్లు, వీధి వెంట పొడవు 24 మీటర్లు, ముందు వదిలే ఖాళీ, అంటే సెట్‌బ్యాక్, 3 మీటర్లు. గోపురం మూసుకుపోతుందని గుడి భక్తుల కమిటీ అభ్యంతరం చెప్పింది. భవనం కట్టాక వీధి ఎలా ఉంటుందో చూపే ఫోటో తెమ్మని టౌన్ ప్లానింగ్ వాళ్లు యజమానిని అడిగారు. ఆయన ఒకచోట చేయించి పట్టుకెళ్లారు. అందులో గోపురం ఎక్కడా అడ్డు లేకుండా ఉంది, భవనం ముందు పచ్చని చెట్ల వరస కూడా ఉంది. కమిటీ దాన్ని నమ్మలేదు. ఆ దశలో ఫోటో మళ్లీ చేయమని పని నా దగ్గరికి వచ్చింది.

ఊరు, గుడి, మనుషులు గుర్తుపట్టే వివరాలు వదిలేశాను. కొలతలను సులువుగా లెక్కపెట్టుకోవడానికి దగ్గరి అంకెలకు సవరించాను. నిష్పత్తులు మాత్రం జరిగినవే.

సమస్య ఎక్కడుంది

కొత్త ఫోటో తీయడానికి ముందు పాతది ఎందుకు తప్పో తెలియాలి. లేకపోతే నాది కూడా ఇంకొకరి బొమ్మే అవుతుంది, ఎవరి బొమ్మ నమ్మాలన్నది మళ్లీ వాదనే అవుతుంది.

తప్పు పట్టుకున్నది నిజానికి కమిటీలోని ఒక పెద్దాయన. ఫోటోలో ఆ స్థలం ముందు ఒక మనిషి సైకిలు పట్టుకుని నడుస్తున్నాడు. అతని మీద వేలు పెట్టి, "బాబూ, ఈయన తల స్టిల్ట్ దూలానికి తగులుతోంది చూడండి. ఆ కింద కార్లు ఎలా పెడతారు?" అన్నారు. స్టిల్ట్ లోపలి ఎత్తు ప్లానులో రెండున్నర మీటర్లు. మనిషి తల దానికి తగులుతోందంటే బొమ్మలో ఆ రెండున్నర మీటర్లు 1.7 దాకా కుదించుకుపోయాయన్నమాట. భవనం మొత్తం మూడో వంతు చిన్నదిగా ఉంది. 15 మీటర్లది 10 మీటర్లుగా నిలబడింది.

ఎందుకలా అయిందో ఆ బొమ్మ చేసినవాళ్ల ఫైలు చూస్తే అర్థమైంది. స్థలానికి ఎదురుగా, వీధికి అవతలి పక్కన ఉన్న కరెంటు స్తంభాన్ని వాళ్లు కొలబద్దగా తీసుకున్నారు. సిమెంటు స్తంభం పొడవు 9 మీటర్లని కనుక్కుని, ఫోటోలో స్తంభం ఎన్ని పిక్సెల్స్ ఉందో లెక్కపెట్టి, మీటరుకు ఇన్ని పిక్సెల్స్ అని తేల్చి, అదే లెక్కన భవనాన్ని అతికించారు. మోసం చేద్దామనే ఉద్దేశం నాకక్కడ కనబడలేదు. ఈ పద్ధతి చూడ్డానికి సబబుగానే ఉంటుంది, అందుకే చాలామంది ఇలాగే చేస్తారు.

అందులో రెండు లోపాలున్నాయి. మొదటిది, స్తంభం పొడవులో ఆరో వంతు భూమిలో పాతుతారు. 9 మీటర్ల స్తంభం పైకి కనిపించేది ఏడున్నర మీటర్లే. దాన్ని 9 అనుకుంటే మీటరు కుంచించుకుపోతుంది, భవనం ఆరో వంతు తగ్గుతుంది. రెండోది ఇంతకంటే పెద్దది. కెమెరా నుంచి స్తంభం 90 మీటర్ల దూరంలో ఉంది, భవనం ముందు మూల 72 మీటర్లలో ఉంది. 90 మీటర్ల దగ్గర మీటరు ఎంత కనిపిస్తుందో 72 దగ్గర అంతకంటే పెద్దగా కనిపించాలి. దూరపు కొలతను దగ్గరి వస్తువుకు వాడితే అది ఐదో వంతు తగ్గుతుంది. ఈ రెండూ కలిశాయి: ఆరింట ఐదు వంతుల్లో మళ్లీ ఐదింట నాలుగు వంతులు తీసుకుంటే సరిగ్గా మూడింట రెండు. పెద్దాయన కంటికి దొరికిన తేడా అదే.

స్తంభం భవనం కంటే దగ్గరగా ఉండి ఉంటే రెండో లోపం ఎదురు దిశలో పనిచేసి మొదటిదాన్ని కొంత కప్పేసేది. అప్పుడు భవనం కాస్త అటూ ఇటుగా సరిగ్గానే కనబడేది, లెక్క మాత్రం తప్పుగానే ఉండేది. అందుకని బొమ్మ కంటికి ఆనుతోందన్న ఒక్క కారణంతో ఇలా ఫోటోలో భవనాన్ని అతికించి చేసే ఏ మాంటేజ్‌నీ ఒప్పుకోకూడదని నా అభిప్రాయం.

ఫోటో ఎలా తీయాలి అన్న నిర్ణయం

పాత ఫోటో ఫోనులో వెడల్పు లెన్సుతో తీసింది. వెడల్పు లెన్సులో దూరపు గోపురం బాగా చిన్నదైపోతుంది, మనసుకు గుర్తున్న గోపురంలా ఉండదు. ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 50 ఎం.ఎం. లెన్సు పెట్టాను. బ్రిటన్‌లో ల్యాండ్‌స్కేప్ ఇన్‌స్టిట్యూట్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఈ జోడీనే ప్రామాణికంగా తీసుకున్నారు. దీనికి ఇంకో సౌకర్యం ఉంది. సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లని తెలుసు, ఫోటో వెడల్పు 6000 పిక్సెల్స్ అని తెలుసు. ఈ రెండూ చాలు, పిక్సెల్‌కూ మీటరుకూ ముడి పడుతుంది:

```
50 / 36 × 6000 = 8333
పిక్సెల్స్ = 8333 × ఎత్తు / దూరం
```

ఎత్తూ దూరమూ రెండూ మీటర్లలోనే. దూరం అంటే కెమెరా చూస్తున్న దిశలో కొలిచిన దూరం, అంటే వీధి వెంట టేపు పట్టినట్టు. మూల దాకా ఏటవాలుగా కొలిచింది కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు.

తర్వాత కెమెరా ఎత్తు. నిలబడ్డ మనిషి కంటి ఎత్తు 1.6 మీటర్లు. ట్రైపాడ్‌ను నడిరోడ్డు మీద అదే ఎత్తుకు పెట్టి, కెమెరాను పైకీ కిందికీ వంచకుండా మట్టంగా ఉంచాం. వంచకపోవడం చాలా ముఖ్యం. గోపురం మొత్తం పడాలని కెమెరా ఎత్తితే నిలువు గీతలన్నీ పైన లోపలికి వాలిపోతాయి, పై సూత్రం ఇక పనిచేయదు. 72 మీటర్ల దూరంలో పిట్టగోడతో కలిపి 16 మీటర్ల ఎత్తు కెమెరాను మట్టంగా ఉంచినా ఫ్రేములో పడుతుందని ముందే లెక్కవేసి చూసుకున్నాను.

కెమెరా మట్టంగా ఉందో లేదో ట్రైపాడ్ మీది బుడగను నమ్మి వదిలేయలేదు. సర్వేయరు ఆటో లెవెల్‌తో కెమెరా లెన్సు మట్టాన్ని వీధి వెంట నాలుగు చోట్లకు తీసుకెళ్లాడు. రెండు గోడల మీద, స్తంభం మీద, స్థలం ప్రహరీ మీద ఎర్ర టేపు ముక్కలు అంటించాం. ఫోటోలో ఆ నాలుగు టేపులూ ఒకే అడ్డగీత మీద పడ్డాయి. అదే కంటిమట్టం గీత. అది ఫోటోకి సరిగ్గా మధ్యలో కాకుండా 14 పిక్సెల్స్ కింద ఉంది, అంటే కెమెరా వెంట్రుకవాసి పైకి చూస్తోంది. ఆ 14ను లెక్కలో సర్దుకున్నాం. కంటిమట్టం దొరికిందంటే సగం పని అయిపోయినట్టే. నేల సమంగా ఉన్న వీధిలో దగ్గరి మనిషి కళ్లూ దూరపు మనిషి కళ్లూ ఆ గీత మీదే ఉంటాయి. అతికించిన మనుషుల తలలు ఆ గీత దాటి చెల్లాచెదురుగా ఉంటే ఆ బొమ్మ కొలతకు చేసింది కాదని తేల్చేయవచ్చు.

లెన్సు మీద 50 అని రాసి ఉన్నంత మాత్రాన అది నిఖార్సుగా 50 కాదు. అందుకని సర్వేయర్లు వాడే పొడవాటి కొలబద్ద, లెవెలింగ్ స్టాఫ్‌ను 3 మీటర్ల ఎత్తుకు లాగి, కెమెరాకు 30 మీటర్ల దూరంలో నిలబెట్టి ఒక ఫోటో తీశాం. సూత్రం ప్రకారం 833 పిక్సెల్స్ రావాలి, 836 వచ్చింది. తేడా నూటికి అర పాలు కూడా లేదు, 8333నే ఉంచేశాను. ఇక్కడ పెద్ద తేడా వస్తే ఆ స్టాఫ్ ఇచ్చిన అంకెనే వాడాలి, లెన్సు మీది అంకెను కాదు.

ఏం పనిచేయలేదు

త్వరగా అయ్యే దారులు రెండు ప్రయత్నించాం. రెండూ నిలవలేదు. ఎందుకు నిలవలేదో చెప్పడం అవసరం, ఎందుకంటే చాలా చోట్ల పని వీటితోనే ముగిసిపోతుంది.

మొదటిది, ఆర్కిటెక్ట్ ఇచ్చిన ఎలివేషన్ బొమ్మను ఫోటోలో పెట్టి మూలలు లాగి సాగదీయడం. కెమెరాకు ఎదురుగా ఉన్న పక్క గోడకు ఇది సరిపోయింది, ఆ గోడంతా ఒకే దూరంలో ఉంది కాబట్టి. వీధి వైపు ముఖం దగ్గర కుదరలేదు. దాని దగ్గరి మూల 72 మీటర్లలో, దూరపు మూల 96 మీటర్లలో ఉంది. నాలుగు మూలలూ సరైన చోట పెట్టినా మధ్యలోని స్తంభాలూ కిటికీలూ సమాన దూరాల్లో పరుచుకున్నాయి. నిజంగా అయితే దూరం వెళ్లేకొద్దీ అవి దగ్గర దగ్గరగా పడాలి. ముఖం సరిగ్గా మధ్యలో ఉన్న స్తంభం సాగదీసిన బొమ్మలో దాదాపు 19 పిక్సెల్స్ పక్కకు పోయింది. చూసేవాళ్లు అంకె చెప్పలేరు, భవనం ఎక్కడో అతుకులా ఉందని మాత్రం అంటారు.

రెండోది fSpy అనే సాఫ్ట్‌వేర్. ఫోటోలోని సమాంతర గీతలు గీస్తే కెమెరా వివరాలను అదే తేల్చి ఇస్తుంది. కొత్త లేఅవుట్‌లో, గోడలన్నీ నిటారుగా ఉన్న చోట చక్కగా పనిచేస్తుంది. ఈ వీధిలో ఇళ్లు తరాల తరబడి ఎవరికి వీలైనట్టు వాళ్లు కట్టుకున్నవి. ఒక అరుగు ముందుకొచ్చింది, ఒక ప్రహరీ వంకరగా పోయింది, రోడ్డే గుడి దగ్గర ఎడమకు తిరిగింది. ఏ రెండు గీతలు పట్టుకున్నామన్నదాన్ని బట్టి లెన్సు అంకె మారిపోతూ వచ్చింది. మా లెన్సు 50 అని మాకు ముందే తెలుసు కాబట్టి అది తప్పు చెబుతోందని పట్టుకోగలిగాం. ఎవరో తీసి పంపిన ఫోటో అయితే పట్టుకునేవాళ్లం కాదు.

ఏం పనిచేసింది

చివరికి నిలిచిన పద్ధతి సాదాసీదాది. స్థలం నాలుగు మూలలనూ, స్తంభాన్నీ, గోపురాన్నీ దూరాలూ కోణాలూ కొలిచే సర్వే పరికరం టోటల్ స్టేషన్‌తో కెమెరా ఉన్న చోటి నుంచే కొలిచాం. ఆ కొలతలతోనే Blender అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో భవనాన్ని నిలబెట్టాం. సెన్సర్ 36, లెన్సు 50, కెమెరా ఎత్తు 1.6 అని ఇచ్చి, కంటిమట్టం గీతను ఫోటోలోని టేపుల మీదికి తెచ్చాం. భవనాన్ని పెద్దది చేసే, చిన్నది చేసే పని మా చేతుల్లో లేకుండా పోయింది. కొలత ఎక్కడ పెడితే భవనం అక్కడే నిలబడుతుంది. నాకు కావలసింది అదే.

ఒక విషయంలో మాత్రం ఆర్కిటెక్ట్‌తో కొంత వాదన జరిగింది. ప్లానులో ఎత్తు 15 మీటర్లని ఉంది, అది పై స్లాబు దాకా. పిట్టగోడ, మెట్ల గది, నీళ్ల ట్యాంకు మామూలుగా ఆ ఎత్తులో లెక్కకు రావు. "రూల్స్‌లో లేనిదాన్ని ఎందుకండీ చూపించడం?" అన్నారాయన. రూల్స్‌లో లేకపోయినా ఆకాశాన్ని అడ్డుకునేది అదే కదా అన్నాను. ఎదుట నిలబడ్డవాడికి కనిపించేదే ఫోటోలో ఉండాలి. 1 మీటరు పిట్టగోడనూ, దాని వెనక మెట్ల గదినీ పెట్టాం. భవనం అంచు ఇప్పుడు 16 మీటర్లు.

దగ్గరి మూల లెక్క చూడండి. 72 మీటర్ల దగ్గర ఒక్కో మీటరు 116 పిక్సెల్స్. కంటిమట్టానికి పైన 14.4 మీటర్లు, అంటే 1667 పిక్సెల్స్. కింద 1.6 మీటర్లు, అంటే 185. ఈ 185 వల్లే భవనం పాదం ఎక్కడ నేలను తాకాలో తెలుస్తుంది. గాలిలో తేలుతున్నట్టుండే మాంటేజ్‌లలో చాలావరకు ఈ ఒక్క అంకె వేయనివే.

గోపురానికి కూడా ఇదే లెక్క వేశాం, అది ఫోటోలో ఎలాగూ ఉంది కాబట్టి పరీక్షగా పనికొస్తుంది. కలశం కొస 27 మీటర్ల ఎత్తున, 180 మీటర్ల దూరంలో ఉంది. కంటిమట్టానికి 1176 పిక్సెల్స్ పైన ఉండాలి. ఫోటోలో 1171 దగ్గర ఉంది. 180 మీటర్ల దూరంలో 5 పిక్సెల్స్ అంటే ఒక జానెడు కూడా లేదు.

భవనం నిలబెట్టాక తేలింది ఇది. కలశాలు మూసుకుపోవు, గోపురం పై అంతస్తులు కూడా మూసుకుపోవు. కానీ కనిపించే భాగంలో అడుగున ఎడమ పక్క దాదాపు పావు వంతు వెడల్పు భవనం దూరపు మూల వెనక్కి పోతుంది. గోపురం పైకి సన్నబడుతుంది కాబట్టి పైకి వెళ్లేకొద్దీ ఆ అడ్డు తగ్గి, 22 మీటర్ల ఎత్తు దగ్గర పూర్తిగా తొలగుతుంది. పాత బొమ్మ చెప్పినట్టు అడ్డు లేకుండా లేదు, కమిటీ భయపడినట్టు మూసుకుపోనూ లేదు. ఇంకొకటి కూడా ఉంది, ఇది యజమానికి నచ్చలేదు: ఫోటోలో భవనం అంచు కలశం కొస కంటే పైన ఉంటుంది. 96 మీటర్ల దగ్గరి 16 మీటర్లు, 180 మీటర్ల దగ్గరి 27 మీటర్లను మించి కనిపిస్తాయి. ఆ విషయం నివేదికలో మొదటి పేరాలోనే రాశాను.

ఇప్పుడు దీనికి ఏం చేయాలి? గోపురం ఎడమ అంచు ఫోటోలో ఎక్కడుందో తెలుసు కాబట్టి, భవనం ముఖం ఎంత వెనక్కి జరిగితే ఆ అంచు బయటపడుతుందో వెనక నుంచి లెక్కవేయొచ్చు. రోడ్డు మధ్య నుంచి భవనం ముఖానికి ఇప్పుడు 9 మీటర్లు ఉంది, 10.6 కావాలి. అంటే 1.6 మీటర్లు జరగాలి. 2 మీటర్లు జరపమన్నాను. గోపురం అంచుకూ భవనం అంచుకూ మధ్య కాస్త ఆకాశం కనిపించకపోతే రెండూ అతుక్కున్నట్టుంటాయి. యజమాని లెక్కలు వేసుకున్నారు, ప్రతి అంతస్తులో 48 చదరపు మీటర్లు పోతుంది. చాలాసేపు ఆలోచించి, అలాగేనండీ అన్నారు. చివరి 4 మీటర్ల పొడవున పై అంతస్తు తీసేస్తే భవనం అంచు కలశం కిందికి దిగుతుందని కూడా చూపించాను. దానికి ఆయన ఒప్పుకోలేదు. అది ఆయన నిర్ణయం, ఫోటోలో అది అలాగే కనబడాలి.

చెట్లు

ఈ కేసు రాయాలనిపించింది అసలు చెట్ల కోసం.

పాత బొమ్మలో ముందు సెట్‌బ్యాక్ పొడవునా పెద్ద చెట్లు వరసగా ఉన్నాయి. యజమానికి అవి మెరుగు, కమిటీకి కూడా అభ్యంతరం లేదు, చెట్లను ఎవరు వద్దంటారు? అవి ఎక్కడివో కటౌట్లు. మానులు చూస్తే మీటరు లావున ఉన్నాయి, ఎత్తు మాత్రం రెండు అంతస్తులు. అంత మాను కట్టిన చెట్టు అంత పొట్టిగా ఉండదు. భవనానికి ఒక కొలత, చెట్టుకు కంటి అంచనా వేస్తే ఇలాగే అవుతుంది.

యజమాని నాటాలనుకున్నది కానుగ. ఏ వయసు కానుగను చూపించాలి? నాటిన రోజున నర్సరీ మొక్క మనిషి ఎత్తుకు కాస్త ఎక్కువ ఉంటుంది, అది చూపిస్తే భవనం బోసిగా ఉంటుంది. నలభై ఏళ్ల చెట్టును చూపిస్తే ఆశ పెట్టడమే. మేం పదేళ్ల చెట్టును ఎంచుకున్నాం. పుస్తకంలో ఎత్తు వెతక్కుండా, అదే ఊళ్లో కాలేజీ ఆవరణలో నాటిన ఏడాది తెలిసిన కానుగల దగ్గర స్టాఫ్ నిలబెట్టి కొలిచాం. ఎత్తు 6 మీటర్లు, కొమ్మల వెడల్పు 5 మీటర్ల చుట్టుపక్కల వచ్చింది. ఒకే నేల, ఒకే వాన, ఒకే ఎండ కాబట్టి ఇంతకంటే నమ్మదగిన అంకె ఇంకెక్కడా దొరకదు. కరెంటు తీగలు వీధికి అవతలి పక్కన ఉన్నాయి, లైన్‌మెన్ వచ్చి కొమ్మలు కొట్టే అవకాశం లేదు. చెట్టు పూర్తిగా పెరుగుతుందనే లెక్క వేయాలి.

కటౌట్‌గా వాడే చెట్టు ఫోటోను కూడా ఆ కానుగల దగ్గరే తీశాం. 1.6 మీటర్ల ఎత్తు నుంచి, బాగా దూరం జరిగి, ఎండ అదే పక్క నుంచి పడే వేళ చూసుకుని. చెట్టు కిందికి వెళ్లి పైకి చూస్తూ తీస్తే కొమ్మల అడుగు భాగం కనిపిస్తుంది. 70 మీటర్ల దూరంలో నిలబెట్టిన చెట్టుకు అది కనిపించకూడదు.

వాటిని ప్రహరీ లోపల ఒకటిన్నర మీటర్ల దూరంలో వరసగా నిలబెట్టాం. భవనం అప్పటికే 2 మీటర్లు వెనక్కి జరిగి ఉంది, గోపురం అంచు బయటపడి ఉంది. చెట్లు పెట్టగానే గోపురం మళ్లీ మూసుకుపోయింది, ముందుకంటే ఎక్కువగా. మొదటి చెట్టు కెమెరాకు 72 మీటర్లలో ఉంది, దాని కొమ్మలు రోడ్డు వైపు రెండున్నర మీటర్లు వచ్చాయి. 6 మీటర్ల ఆ చెట్టు పై అంచు, 180 మీటర్ల దూరంలో గోపురం మీద పన్నెండున్నర మీటర్ల ఎత్తు దాకా అడ్డుపడుతోంది, వెడల్పులో దాదాపు సగం. భవనం కప్పింది పావు వంతు. భవనాన్ని మరుగుపరచడానికి పెట్టిన చెట్లు గోపురాన్ని దానికి రెట్టింపు మరుగుపరుస్తున్నాయి.

చెట్లను కొలతకు పెట్టి ఉండకపోతే ఇది ఎవరికీ తెలిసేది కాదు. భవనం విషయంలో ఒప్పందం అయిపోయేది, చెట్లు నాటేవారు, పదేళ్లకు గోపురం పోయేది. అప్పుడు చెట్లు కొట్టాలా వద్దా అని ఇంకో గొడవ.

పరిష్కారం చెట్లు మానేయడం కాదు. కానుగలను ముందు నుంచి తీసి, సెంటరు వైపు ఉన్న పక్క సెట్‌బ్యాక్‌లోకి మార్చాం. అక్కడ అవి గోపురానికి బాగా ఎడమగా పడతాయి, సెంటర్లో నిలబడ్డవాళ్లకు ఎక్కువగా కొట్టొచ్చినట్టు కనిపించే ఆ నున్నటి పక్క గోడను కూడా కప్పుతాయి. ముందు పక్క 2 మీటర్లు దాటనివ్వకుండా కత్తిరించుకునే పూలమొక్కలు, నందివర్ధనం, మందారం, గన్నేరు చూపించాం. 2 మీటర్ల మొక్క కంటిమట్టానికి కాస్త పైకి వస్తుంది, గోపురం కనిపించే భాగం దాకా రాదు. పూజకు పూలు కోసుకోవచ్చని కమిటీలోని ఆడవాళ్లకు ఈ మార్పు అన్నిటికన్నా నచ్చింది.

నమ్మకం ఎలా కలిగింది

లెక్కలు చూపిస్తే నమ్మేవాళ్లు కొందరే, కమిటీకి కళ్లతో చూడాలని ఉంది. పందిళ్లు వేసేవాళ్లను పిలిచి, భవనం కొత్త దూరపు మూల వచ్చే చోట రెండు వెదురు బొంగులు కలిపి కట్టించి, సరిగ్గా 9 మీటర్ల ఎత్తున ఎర్ర గుడ్డ కట్టించాం. అది ఫోటోలో ఎక్కడ పడుతుందో ముందే కాగితం మీద రాసి పెద్దాయన చేతికిచ్చాను: ఫోటో మధ్య నుంచి ఎడమకు 955, కంటిమట్టం నుంచి పైకి 642. అదే చోటి నుంచి ఫోటో తీసి, అందరి ఎదుట లాప్‌టాప్‌లో కొలిచాం. ఎడమకు 949, పైకి 645 వచ్చింది. ఆ దూరంలో అది నేల మీద 7 సెంటీమీటర్ల తేడా, వెదురు గాలికి అంతకంటే ఎక్కువే ఊగుతుంది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఇక బొమ్మ మీద మాట్లాడేదేమీ లేదు, భవనం గురించే మాట్లాడుకుందాం" అన్నారు. మాంటేజ్ చేసినందుకు నేను కోరుకునేది కూడా అంతే.

నేర్చుకున్నవి

ఫోటో ఒక్క చోటుకే నిజం. మేం తీసింది నడిరోడ్డు నుంచి. అక్కడి నుంచి 1 మీటరు ఎడమకు జరిగితే భవనం అంచు గోపురం అంచును తాకుతుంది. 2 మీటర్లు జరిగితే కొద్దిగా కప్పుతుంది. నడిచేవాళ్లు నిజంగా ఉండేది రోడ్డు అంచున, నడిమధ్యన కాదు. అందుకని ఎడమ అంచు నుంచి తీసిన రెండో ఫోటోను కూడా అదే కాగితం మీద జతచేశాను. అనుకూలంగా ఉన్న చోటు ఎంచుకోవడం కూడా ఒక రకంగా కొలత తప్పించడమే, పిక్సెల్స్ ఎంత సరిగ్గా ఉన్నా సరే.

ఏ కొలబద్ద అయినా దాని దూరంతో కలిపే కొలబద్ద. స్తంభం, తలుపు, స్కూటరు, మనిషి, ఏది తీసుకున్నా కెమెరా నుంచి అదెంత దూరమో రాసుకోకపోతే పనికిరాదు. ఫోటో తీయడానికి వెళ్లినప్పుడే కొత్త వస్తువు వచ్చే చోట స్టాఫో రేంజింగ్ రాడ్డో నిలబెట్టి ఒక ఫోటో తీసుకుంటే, టోటల్ స్టేషన్ లేని చిన్న పనికి కూడా అది చాలు. రేంజింగ్ రాడ్డు మీద 20 సెంటీమీటర్లకో రంగు మారుతుంది, ఫోటోలో పట్టీలు లెక్కపెట్టుకోవచ్చు. అది అక్కడి మీటరునే ఇస్తుంది, ఇంకెక్కడిదో తెచ్చి అతికించాల్సిన పని ఉండదు.

ముద్రించిన సైజు కూడా కొలతలో భాగమే. ఏ3 కాగితం మీద 39 సెంటీమీటర్ల వెడల్పున అచ్చువేస్తే, దాన్ని కళ్లకు 54 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నప్పుడు గోపురం సెంటర్లో కనిపించినంత పెద్దగా కనిపిస్తుంది. అదే ఫోటో ఫోను తెరలో పట్టిచ్చి చూస్తే గోపురం అగ్గిపుల్లంత అవుతుంది, అడ్డు ఉన్నా లేనట్టే ఉంటుంది. సమావేశం అయిన సాయంత్రానికే మా ఫోటో వాట్సాప్‌లో తిరగడం మొదలైంది, ఒకరు ఎడమ పక్క కత్తిరించి పంపారు కూడా. అప్పటి నుంచి లెన్సు, కెమెరా ఎత్తు, నిలబడిన చోటు, తీసిన తేదీ, చెట్ల వయసు, చూడాల్సిన దూరం రాసిన పట్టీని ఫోటో కింద విడిగా వేయడం మానేసి ఫోటో లోపలే, గోపురం పక్కన ఆకాశంలో వేస్తున్నాను. దాన్ని కత్తిరించాలంటే గోపురాన్ని కూడా కత్తిరించాల్సి వస్తుంది.